పీఎన్‌ఎఫ్ స్ట్రెచింగ్ ఇన్నేళ్లు వాడాక: బెల్టు నా చేతిలో ఉంటేనే

పీఎన్‌ఎఫ్, అంటే కండరాన్ని బిగించి వదిలి సాగదీసే పద్ధతిలో నాకు పిచ్చిగా నచ్చేది ఒక్కటే, ఆ ఐదారు సెకన్ల ఎదురుతోపు. సాగదీయాల్సిన కండరాన్ని ముందు బిగించి, తర్వాత వదిలేస్తే, అప్పటిదాకా గోడకు కొట్టినట్టు ఆగిపోయిన కాలు ఇంకో నాలుగు వేళ్ల మేర పైకి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ వారానికి రెండు మూడుసార్లు అదే సంతోషం. హన్మకొండలో పేరిణి లాస్యం నేర్చుకుని ఇప్పుడు పిల్లలకు నేర్పిస్తున్నా, మా పాప జిమ్నాస్టిక్స్‌కు పోతుంది, కాబట్టి మా ఇంట్లో సాయంత్రం ఎవరో ఒకరి కాలు గోడకో తలుపుకో ఆనుకునే ఉంటుంది. పాసివ్, యాక్టివ్, పీఎన్‌ఎఫ్ మూడూ చాలాకాలం చేశాక రాస్తున్నా. స్ప్లిట్స్ అంటే ఏంటి, వార్మప్ ఎందుకు లాంటివి అందరికీ తెలుసు, వదిలేస్తున్నా.

పాసివ్ గురించి ముందు కొంచెం. కాలును బెల్టో గోడో మన బరువో పట్టుకుంటుంది, మనం ముప్పై సెకన్లు ఊపిరి తీసుకుంటూ ఉంటాం, అంతే. దానితో నాకు గొడవేం లేదు, క్లాసు అయ్యాక ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు ఇంతకంటే హాయి ఏదీ లేదు. కానీ నా తొడ వెనక కండరం, అదే హ్యామ్‌స్ట్రింగ్, ఒక దగ్గర ఆగిపోయి అక్కడే ఉండిపోయింది, ఎంత ఓపికపట్టినా కదల్లేదు. ఆ టైమ్‌లోనే ఒక ఫిజియో తమ్ముడు పీఎన్‌ఎఫ్ చూపించాడు.

ఇది నిజానికి డ్యాన్సర్ల కోసం పుట్టింది కాదు. 1940ల్లో అమెరికాలో హెర్మన్ కాబట్ అనే డాక్టరు, మార్గరెట్ నాట్ అనే థెరపిస్టు, పోలియో లాంటి జబ్బులతో కండరాలు పట్టు కోల్పోయినవాళ్ల కోసం తయారుచేసిన వైద్య పద్ధతి, అందులో ఒక చిన్న ముక్కే మనం స్ట్రెచింగ్‌కు వాడుకుంటున్నాం.

నేను చేసేది ఇలా. వెల్లకిలా పడుకుని పాదానికి బెల్టు వేసుకుంటా, పాత చున్నీ అయినా సరిపోతుంది. రెండో కాలు నేలమీద తిన్నగా, ఆ తొడ పైకి లేవకూడదు, లేచిందంటే నడుము మోసం చేస్తోందని లెక్క. మోకాలు వంచకుండా కాలు పైకి తెచ్చి, లాగుడు మొదలైన చోట పది సెకన్లు ఆగుతా. అప్పుడు మడమను బెల్టులోకి నెడతా, ఐదారు సెకన్లు, నా బలంలో పావు వంతుతో, ఊపిరి వదులుతూ. వదిలేసి ఒక్క శ్వాస తీసుకుని, తొడ ముందు కండరంతో కాలును నేనే కొత్త ఎత్తుకు లేపుతా, బెల్టు ఊరికే తోడుగా ఉంటుంది. అక్కడ పదిహేను ఇరవై సెకన్లు. ఇలా మూడుసార్లు, తర్వాత రెండో కాలు. చాలామంది మొదట పూర్తి బలంతో నెడతారు, అది అవసరమే లేదు. తక్కువ బలంతో బిగించినా దాదాపు అంతే లాభం వస్తుందని పరిశోధనలు చేసి చూశారు, నా కాలు కూడా అదే చెప్తోంది.

కొన్ని నెలల్లో బెల్టుతో నా కాలు 115 డిగ్రీల నుంచి 128కి వచ్చింది (ఫోన్‌ను పిక్కల ముందు ఎముక మీద పెట్టి కొలిచేదాన్ని). ఆ రోజుల్లో కనిపించిన ప్రతి ఒక్కరికీ పీఎన్‌ఎఫ్ చేయమని చెప్పా. మా క్లాసు పిల్లల తల్లులకు కూడా.

ఇక అసలు సంగతి.

ఒక వర్క్‌షాప్‌కు పోయాం, ఎక్కడ, ఎవరిది అన్నది వదిలేయండి. అక్కడ పీఎన్‌ఎఫ్ జంటలుగా చేయించారు. నేర్పించే ఆయన నా దగ్గరికే వచ్చి కాలు భుజం మీద వేసుకుని "ఫుల్ ఫోర్స్‌తో నెట్టండి మేడం" అన్నారు, నెట్టాను, "రిలాక్స్" అన్న మాట పూర్తయ్యేలోపే తన బరువంతా వేసి ముందుకు వంగారు. కాలు బాగానే పోయింది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. నాకు పిరుదు కింద, సరిగ్గా కూర్చునే ఎముక దగ్గర, దారం లాగినట్టు చిన్నగా అనిపించింది. పెద్ద నొప్పి కాదు, ఆ సాయంత్రం డ్యాన్స్ కూడా చేశా. తెల్లారి కరీంనగర్ బస్సెక్కితే సగం దూరం కూడా కూర్చోలేకపోయా, రోడ్డు గతుకుల వల్లేమీ కాదు, మంచి సీట్లోనే, ఆ ఒక్క ఎముక మీద బరువు పడితే చాలు లోపల మండేది. నిలబడితే ఏం లేదు, నడిస్తే కొంచెం, వంగి చీపురు పట్టుకుంటే ఎక్కువ.

ఫిజియో పరీక్ష చేసి చెప్పింది విని నిజంగా టెన్షన్ పడ్డా. హ్యామ్‌స్ట్రింగ్ ఎముకకు అంటుకునే పైభాగంలో ఉండే స్నాయువు దెబ్బతింది. పరుగెత్తేవాళ్లకు వేగంలో కండరం మధ్యలో చిరుగుతుందట, డ్యాన్సర్లకు ఇలా నిదానంగా సాగదీసేటప్పుడే ఎముక దగ్గర దెబ్బ తగులుతుంది, మొదట్లో నొప్పి తక్కువ, మానడం మాత్రం చాలా ఆలస్యం. "అక్కా, నొప్పి తక్కువుందని ఇంకా సాగదీయకండి, మీరు ముందుకు వంగినప్పుడల్లా ఆ స్నాయువు ఎముకకు ఒత్తుకుంటది" అన్నాడు. అంటే నాకు తెలిసిన మందు, స్ట్రెచింగ్, అదే దానికి విషం. నెలల తరబడి స్ట్రెచింగ్ బంద్. మెత్త వేసుకుని కూర్చోవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుము లేపి పట్టి ఉంచడం, అది నొప్పి లేకుండా వచ్చాకే ఒంటికాలితో, ఇలా బలం నుంచి మొదలుపెట్టించాడు. గట్టి బల్లమీద నొప్పి లేకుండా కూర్చోగలిగిన తర్వాతే మళ్లీ బెల్టు పట్టుకోనిచ్చాడు.

అప్పుడే ఇంకో విషయం అర్థమైంది, ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. బిగించి వదిలితే కండరానికి నరాల నుంచి "సడలు" అని ఆజ్ఞ పోతుందని, అందుకే సాగుతుందని ఎక్కువమంది చెప్తారు. ఆ సడలింపు ప్రభావం ఉన్నా కాసేపటికే పోతుంది, అంత లాభాన్ని అది వివరించలేదు. ఎక్కువగా మారేది మన ఓర్పు, అంటే లాగుడును మెదడు ఎంతవరకు సరేనంటుందో ఆ హద్దు. కండరం పొడవు ఐదు నిమిషాల్లో పెరగదు కదా. పీఎన్‌ఎఫ్‌లో ఆ నాలుగు వేళ్లు వచ్చేది హెచ్చరిక కాస్త ఆలస్యంగా మోగడం వల్ల. మరి సరిగ్గా ఆ సమయంలో పైనుంచి ఇంకొకరు బరువు వేస్తే, ఆగు అని చెప్పాల్సిన నొప్పి అప్పటికే వెనక్కి జరిగి ఉంటుంది. నాకు నచ్చిన గుణమే నన్ను దెబ్బ తీసింది. అందుకే ఇప్పుడు బెల్టు నా చేతిలోనే ఉంటుంది, కొత్త ఎత్తుకు కాలును నా కండరమే తీసుకుపోవాలి, అది పోలేని చోటుకు ఎవరూ తీసుకుపోకూడదు.

ఆపేయాల్సిన గుర్తులు నాకు ఇప్పుడు నోటికి వచ్చు. లాగుడు తొడ మధ్యలో వెడల్పుగా ఉంటే మంచిదే. కూర్చునే ఎముక మీద ఒక్క చుక్కలా ఉంటే ఆపాలి. మోకాలి వెనక, పిక్కలో జుమ్మని తిమ్మిరి వస్తే, తల పైకి లేపినప్పుడు పెరిగి వెనక్కి వాల్చితే తగ్గితే, అది నరం, నరాన్ని పట్టి ఉంచి సాగదీయకూడదు. తుంటి ముందు గజ్జల్లో గుచ్చినట్టు ఉంటే అది కీలు కావచ్చు, అక్కడా ఆపాలి. టక్కుమని వినిపించి తర్వాత తొడ వెనక నల్లగా కమిలితే, నడవలేకపోతే, ఫిజియో దాకా కూడా ఆగొద్దు, స్కాన్ తీయించుకోవాలి.

ఇంకొక మాట, 128 డిగ్రీలని ముందు అంత గొప్పగా చెప్పా కదా. బెల్టు వదిలేస్తే నా కాలు 88 దగ్గరే నిలబడేది. ఊర్ధ్వ తాండవం భంగిమకు కాలు పట్టుకోవడానికి బెల్టు ఎక్కడ ఉంటుంది? మా పాప కూడా బీమ్ మీద లీప్ వేసేటప్పుడు కాళ్లు గాల్లో తనే తెరవాలి. ఆ నలభై డిగ్రీల ఎడంలో కాలు పోతుంది కానీ దాన్ని పట్టుకునే బలం లేదు. ఇక్కడ పనికొచ్చింది యాక్టివ్ స్ట్రెచింగే, ఏ మజా లేని పని అది. బెల్టుతో పైకి తెచ్చి, బెల్టు వదిలి, ఐదు సెకన్లు కాలు అక్కడే నిలపడం. కాళ్లు చాపి కూర్చుని మోకాళ్ల పక్కన చేతులు ఆనించి మడమను అంగుళం లేపడం. మొదట్లో తొడ ముందు కండరం పట్టేస్తుంది, తుంటి లోపల వణుకు వస్తుంది, ఎందుకంటే తొంభై దాటాక కాలు లేపే లోతైన కండరం అంత కుదించుకున్న స్థితిలో ఎప్పుడూ పనిచేసి ఉండదు. పీఎన్‌ఎఫ్ అయిన వెంటనే ఇది చేస్తున్నా, ఎందుకంటే అప్పుడు వచ్చిన ఎత్తు కొద్ది నిమిషాల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఇప్పుడు బెల్టు లేకుండా 102. దెబ్బ తర్వాత బెల్టుతో 120 దాటించట్లేదు, అయినా స్టేజీ మీద నా కాలు ఇంతకుముందు కంటే పైనే ఉంటోంది.

ప్రాక్టీస్‌కు ముందు మాత్రం పీఎన్‌ఎఫ్ వద్దు, పొడుగ్గా పట్టి ఉంచే పాసివ్ కూడా వద్దు, దూకుళ్లలో బలం తగ్గుతుంది. ముందు కాళ్లు ఊపడాలు, చివర్లో ఇవి. డిసెంబర్ పొద్దున ఇంకా ఎక్కువసేపు కదలాలి.

పాప విషయంలో నా పట్టుదల వేరు. తనకు పన్నెండు నడుస్తోంది, ఏడాదిలో చెప్పుల సైజు రెండుసార్లు మారింది. ఆ వయసులో హ్యామ్‌స్ట్రింగ్ అంటుకునే ఎముక కొస ఇంకా మృదులాస్థితోనే అతుక్కుని ఉంటుంది, గట్టిగా లాగితే స్నాయువు కంటే ముందు ఆ ముక్కే ఊడి రావచ్చు. అందుకని జంటగా నెట్టించుకోవడం, కుర్చీ మీద కాలు పెట్టి ఓవర్‌స్ప్లిట్‌లో వెనక నుంచి ఒత్తించుకోవడం రెండూ కుదరవని వాళ్ల కోచ్ మేడంతో మాట్లాడా. "అందరు పిల్లలు చేస్తున్నారమ్మా" అంది పాప. కోచ్ మేడం ఒప్పుకున్నారు, పాప ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

నాది పుట్టుకతో గట్టి ఒళ్లు, ముప్పై దాటిన వయసు, పేరిణి అడుగులు, కాబట్టి నాకు పీఎన్‌ఎఫ్ విలువైనదే, వదులుకోను. మోకాళ్లు వెనక్కి వంగిపోయేవాళ్లు, బొటనవేలు ముంజేతికి తగిలేంత వదులు కీళ్లున్న పిల్లలు నా క్లాసులో ఇద్దరున్నారు, వాళ్లకు బెల్టు ఇవ్వనే ఇవ్వను, బెల్టు లేని సగమే చేయిస్తున్నా.