పాఠం నుంచి కేర్ ప్లాన్ షీట్: రెండేళ్లు వాడాక

శ్రీకాకుళంలో జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పిల్లల్ని వార్డుకి తీసుకెళ్లే ట్యూటర్‌ని నేను. క్లాసులో చెప్పిన రోగి సంరక్షణ పాఠాన్ని కేర్ ప్లాన్ షీటుగా మార్చి రెండేళ్లుగా వాడిస్తున్నాను. అసెస్‌మెంట్, లక్ష్యం, చేసే పని అన్న గళ్ల గురించి నర్సింగ్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మార్చే పద్ధతి ఒక్కటే చెప్తాను. పాఠం నోట్సు మీద మూడు రంగుల పెన్నులతో గీతలు గీయిస్తాను. రోగిలో మనం చూసేది, అడిగి తెలుసుకునేది ఒక రంగు. మారాల్సింది రెండో రంగు. మనం చేసేది మూడో రంగు. ఆ రంగుల్ని బట్టి ఏ వాక్యం ఏ గడిలోకి వెళ్లాలో తేలిపోతుంది.

నాకు ప్రాణమైన గడి లక్ష్యం. ఇంతకుముందు పిల్లలు 'రోగికి సౌకర్యం కలిగించాలి' అని రాసి ఊరుకునేవారు. ఇప్పుడు 'రెండు రోజుల్లో నొప్పి లేకుండా విరేచనం అవ్వాలి' అని రాస్తున్నారు. గడువు ఉంది, అయిందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. ఆ గడి చూసినప్పుడల్లా కడుపు నిండేది.

ఆ గడే నన్ను దెబ్బ తీసింది.

ఉద్దానం నుంచి వచ్చిన డయాలసిస్ పేషెంటు ఒకాయన వార్డులో ఉన్నారు. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు, అంటే డ్రై వెయిట్, 48 కిలోలు, ఆ ఉదయం బరువు 49.6. ఒంట్లో అప్పటికే లీటరున్నర పైగా నీరు ఎక్కువుందన్నమాట. ముందు రోజు మూత్రం 200 మి.లీ. దానికి 500 కలిపి, రోజు మొత్తానికి 700 మి.లీ. మించి తాగకూడదని డాక్టరు రాశారు. ఆయన బాధ మాత్రం మలబద్ధకం, నాలుగు రోజులుగా విరేచనం లేదు. మా స్టూడెంటు అమ్మాయి మంచంపట్టిన రోగి పాఠం తీసి, మూడో రంగు వాక్యాలన్నీ చక్కగా దించేసింది: రెండు లీటర్ల ద్రవాలు, పండ్లు, కొబ్బరి నీళ్లు. లక్ష్యం గడిలో తప్పు వెతకడానికి లేదు. అది చూసి నేను సంతకం పెట్టేశాను.

మధ్యాహ్నం ఆయన భార్య నన్ను ఆపింది. "అదేటమ్మా, నిన్న డాక్టర్‌బాబు గ్లాసుతో కొలిచి తాగమన్నారు గదా! నువ్వేటి కొబ్బరి బొండం తాగించమంటావు?" ఇన్‌టేక్ చార్టు చూస్తే అప్పటికే 550 మి.లీ. అయింది. బొండం ఇంకా కొట్టలేదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బయటికి పంపలేకపోతే అది రక్తంలో పేరుకుపోయి గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి, బొండం వద్దని ఎవరో చెప్పాలి కదా. మేము ఇమ్మని రాశాం.

తప్పు పాఠానిది కాదు, ఆ పాఠం కిడ్నీలు పనిచేసే రోగి గురించి చెప్పింది. షీటులోకి దించినప్పుడు ఆ షరతు జారిపోయింది.

ఆ రోజు అక్కడే కూర్చుని మళ్లీ రాశాం. లక్ష్యానికి 'ద్రవం 700 దాటకుండా' అని చేర్చాం. ఆయన మాత్రలు చూస్తే ఐరను, కాల్షియం రెండూ ఉన్నాయి, రెండూ మలబద్ధకం చేసేవే. ఆ సంగతి డాక్టరుకి చెప్పి విరేచనం మందు అడిగాం, మెగ్నీషియం, ఫాస్ఫేటు ఉన్నవి కాకుండా. ఉదయం తిన్నాక ఒకే వేళకి బాత్రూముకి నడిపించడం, దాహానికి నోరు తడపడం రాశాం. మూడో రోజుకి విరేచనం అయింది. నేను పెట్టిన రెండు రోజుల గడువు తప్పిందని ఎవాల్యుయేషన్‌లో అలాగే రాయించాను.

అప్పటినుంచి షీటులో రెండు మార్పులు చేశాను. అసెస్‌మెంట్ మొదటి వరుసలోనే డాక్టరు పెట్టిన పరిమితులు, వేసుకునే మందులు రాయాలి. చేసే పని ఒక్కోదాని పక్కన, అసెస్‌మెంట్‌లో ఏ వరుస చూసి ఇది రాశావో ఆ నంబరు వెయ్యాలి. నంబరు లేని పని కొట్టేస్తాం. ఇలా కొట్టేసినవాటిలో ఎక్కువ భాగం పాఠంలోంచి ఉన్నదున్నట్టు ఎత్తినవే. నా సంతకం కూడా ఇప్పుడు లక్ష్యం చూసి పడదు, నంబర్లు చూశాకే పడుతుంది.

నా దగ్గర ఎనిమిది మంది స్టూడెంట్లు, ఒక్కొక్కరికి ఒక్క రోగి. పక్కన కూర్చుని చూసే తీరిక ఉంది కాబట్టి ఇది నడుస్తోంది. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కరే చూసుకునే సిస్టర్‌కి ఇది ఇవ్వమని నేను అనలేను. ఆవిడకైతే పరిమితుల వరుస ఒక్కటి చింపి మంచం దగ్గర చార్టుకి పిన్ను చేసి ఇస్తాను.