పడకగదికి గాలి: మూడేళ్లుగా కార్బన్ డయాక్సైడ్ సెన్సార్‌తో కాపురం

మాది హైదరాబాద్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్. పడకగది పన్నెండడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అంటే సుమారు 37 ఘనమీటర్లు. మేమిద్దరం, పాప అందులోనే పడుకుంటాం. ఏసీ కోసం కొన్నాళ్లు, దోమలకు భయపడి కొన్నాళ్లు, చలికి కొన్నాళ్లు, ఏడాదిలో ముప్పావు వంతు రాత్రులు కిటికీలు మూసే ఉంటాయి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తేదు. సెన్సార్ పెట్టిన మొదటి రాత్రి తెల్లవారి ఆరింటికి చూస్తే 2,400 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 2,400 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ చూపించింది. అదే ఉదయం బాల్కనీలో 430.

ఆ సెన్సార్ కన్నా ముందు ఒకటి కొని మోసపోయాను. పెట్టె మీద కార్బన్ డయాక్సైడ్ మీటర్ అనే రాసి ఉంది. వంటింట్లో పోపు పెడితే 3,000 దాటేది, అగరుబత్తి వెలిగిస్తే ఇంకా పైకి పోయేది. అది ఆ వాయువును కొలవడం లేదు, గాలిలోని ఇతర ఆవిర్లను పసిగట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండవచ్చని ఊహించి అంకె వేస్తోంది. పరీక్ష తేలిక. చేతులకు రాసుకునే శానిటైజర్ రెండు చుక్కలు దగ్గర పెట్టండి. అంకె ఎగిరిపడితే అది పనికిరాదు. ప్రస్తుతం నేను వాడుతున్నది సెన్సిరియన్ వారి ఎస్‌సీడీ41, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, దాన్ని నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినది. గాలి బయటికి పంపేది కొత్తగా కొన్న యంత్రమేమీ కాదు, పడకగదికి ఆనుకుని ఉన్న బాత్రూమ్‌లోని ఎగ్జాస్ట్ ఫ్యానే. రాత్రి బాత్రూమ్ తలుపు కొంచెం తెరిచి ఉంచుతాం. ఫ్యాను లాగుతుంటే హాల్లోని గాలి పడకగది తలుపు కింది సందులోంచి లోపలికి వస్తుంది. ఆ సందు చాలకపోతే వడ్రంగిని పిలిచి తలుపు అడుగు ఒక సెంటీమీటరు కోయించాను. మొత్తం ఏర్పాటులో బాగా ఫలితమిచ్చిన ఖర్చు అదే.

మొదట అందరిలాగే 1,000 దాటితే ఫ్యాను వేయి, తగ్గితే ఆపు అని పెట్టాను. 1,000 అనే అంకెకు పెద్ద చరిత్రే ఉంది. మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే పరిశుభ్రతా శాస్త్రవేత్త 1858లో గది గాలి పాడైందనడానికి గుర్తుగా దాన్ని ప్రతిపాదించాడు. మనుషుల ఊపిరితో, ఒంటి వాసనతో గాలి ఎంత నిండిందో చెప్పే కొలత మాత్రమే అది. 1,001 దగ్గర ఎవరికీ ఏమీ కాదు. కానీ ఫ్యానును వేసి ఆపే నా రిలేకు ఆ సంగతి తెలియదు. సెన్సార్ అంకె ఎప్పుడూ పది ఇరవై అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది కనుక 998, 1,004, 996 అని మారినప్పుడల్లా టక్కుమనడం, ఫ్యాను గుర్రుమనడం, ఆగడం. ఒక రాత్రి రెండు గంటల్లో పద్నాలుగు సార్లు లెక్కపెట్టి మా ఆవిడ స్విచ్చి కట్టేసింది.

కాబట్టి రెండు హద్దులు కావాలి: వేసే హద్దు ఒకటి, ఆపే హద్దు దానికి బాగా కింద ఇంకొకటి. నేను 1,000కి వేసి 700కి ఆపమన్నాను. ఈసారి టక్కుటక్కులు లేవు, ఫ్యాను అసలు ఆగడమే లేదు. తెల్లవార్లూ తిరిగింది, గ్రాఫ్ 760 దగ్గర చాప పరిచినట్టు అలాగే ఉండిపోయింది. మండు వేసవిలో బయటి వేడి, వానాకాలంలో బయటి తేమ లోపలికి వస్తూనే ఉంటే ఏసీకి విశ్రాంతి ఎక్కడ? నా లెక్కలో ఒక ఉక్కపోత రాత్రి ఆ గాలి ఏసీ మీద వేసే బరువు అర కిలోవాట్ పైమాటే.

700 ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఫ్యాను నిజంగా ఎంత గాలి లాగుతోందో తెలియాలి. పెట్టె మీద గంటకు 250 ఘనమీటర్లని ఉంది. అది అడ్డేమీ లేని చోట కొలిచిన అంకె, మా ఇంట్లో తలుపు సందు, పైపు, జాలీ అన్నీ అడ్డే. సెన్సార్‌తోనే కొలవవచ్చు. ఒక ఉదయం హాలు కిటికీలన్నీ తెరిచి, పడకగదిలోంచి అందరం బయటికొచ్చి తలుపు మూసి ఫ్యాను వేశాను. అప్పుడు గదిలో 1,630. అరగంటకు 757. బయటి గాలి 430 తీసేస్తే 1,200 కాస్తా 327 అయింది. ఈ రెండింటి నిష్పత్తికి సహజ లాగరిథమ్ 1.3, అరగంటకు 1.3 అంటే గంటకు 2.6 సార్లు గది గాలి మారుతోందని అర్థం. 37 ఘనమీటర్లతో హెచ్చిస్తే గంటకు సుమారు 96 ఘనమీటర్లు. పెట్టె మీద చెప్పినదాంట్లో సగం కూడా లేదు.

ఇక మిగతా లెక్క సులువు. నిద్రలో పెద్దవాళ్లు ఒక్కొక్కరు గంటకు సుమారు 12 లీటర్లు, పాప 8 లీటర్లు, వెరసి 32 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. ఫ్యాను ఎంతసేపు తిరిగినా గది చేరగల అట్టడుగు ఇది:

```
430 + (32 × 1000 / 96) ≈ 763 ppm
```

ఆపే హద్దు ఈ అంకెకు కిందుంటే ఫ్యాను జన్మలో ఆగదు. మరీ దగ్గరగా ఉన్నా గంటలు పడుతుంది. అందుకే 850కి ఆపి, 1,100కి వేయమన్నాను. ఇప్పుడు ఫ్యాను అరగంట తిరుగుతుంది, ఇరవై మూడు నిమిషాలు ఊరుకుంటుంది. ఈ అంకెలు మా గదివి, మా ముగ్గురివి. మీ గదికి మీరే కొలవాలి, ఎవరి హద్దులో తెచ్చి పెట్టుకుంటే నాకైనట్టే అవుతుంది.

ఆలస్యాల విషయంలో మాత్రం చాలాకాలం తప్పుదారిలో ఉన్నాను. 1,100 దాటి ఐదు నిమిషాలు నిలిస్తేనే ఫ్యాను వేయాలని `delayed_on: 5min` పెట్టాను. ఎవరైనా సెన్సార్ ముందు నిలబడి మాట్లాడితే పడే ఊపిరి దెబ్బను ఇది వడగడుతుందని నమ్మకం. అయినా రాత్రి తొమ్మిదింటికి దుప్పట్లు పరుస్తూ మా ఆవిడ అటు తిరిగితే చాలు, ఐదు నిమిషాలకు ఫ్యాను తిరిగేది. చూస్తే గదిలో 900 మాత్రమే ఉండేది. కారణం తెలియడానికి రెండు వారాలు పట్టింది. రెండు హద్దుల పద్ధతిలో ఒక్కసారి 1,100 తాకితే లోపలి గుర్తు ‘ఎక్కువ’ అని మారుతుంది, 850 కిందికి దిగేదాకా అలాగే ఉండిపోతుంది. ఊపిరి దెబ్బ అర నిమిషంలో పోయి అంకె 900కి వచ్చినా 850 కిందికి రాలేదు కదా! ఆ ఐదు నిమిషాలూ ‘ఎక్కువ’గానే లెక్క. అంటే హద్దుల తర్వాత పెట్టిన ఆలస్యం దెబ్బను వడగట్టడం లేదు, ఐదు నిమిషాలు వాయిదా వేస్తోందంతే.

వడపోత హద్దుల కన్నా ముందు ఉండాలి. నిమిషానికొక కొలత, తొమ్మిది కొలతల మధ్యగతం. నాలుగు నిమిషాల దాకా ఎంత పెద్ద దెబ్బ తగిలినా మధ్యగతం కదలదు. నిజంగా పెరుగుతున్నప్పుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది, ఆ లోపు గది ఓ నలభై పీపీఎం పెరుగుతుంది, పట్టించుకోనక్కరలేదు. సగటు వద్దు. ఒక్క 4,000 వచ్చి పడితే సగటు దాన్ని తొమ్మిది నిమిషాలు మోస్తుంది.

```yaml
sensor:
  - platform: scd4x
    co2:
      id: co2
      name: "CO2"
      filters:
        - median:
            window_size: 9
            send_every: 1
        - timeout:
            timeout: 10min
            value: 1500
    altitude_compensation: 540m
    automatic_self_calibration: false
    update_interval: 60s

binary_sensor:
  - platform: analog_threshold
    name: "Gaali"
    sensor_id: co2
    threshold:
      upper: 1100
      lower: 850
    on_press:
      - switch.turn_on: fan
    on_release:
      - switch.turn_off: fan
```

ఇదంతా బోర్డులోనే నడుస్తుంది కాబట్టి `wifi`, `api` రెండింటిలోనూ `reboot_timeout: 0s` పెడితే రాత్రి వైఫై పోయినా ఫ్యానుకు సంబంధం లేదు, పెట్టకపోతే బోర్డు పావుగంటకోసారి తిరిగి మొదలవుతుంది. ఆ `timeout` వెనక నా చేతగాని టంకం ఉంది. ఒక తీగ ఊడి, సెన్సార్ మాట ఆగిపోయి, ఆఖరి అంకె 871 అలాగే తెర మీద నిలిచిపోయింది. ఆ రాత్రంతా ఫ్యాను వేయలేదు. లేచేసరికి తల దిమ్ముగా ఉంటే గానీ అనుమానం రాలేదు. సరైన సెన్సార్ అంకె ఎప్పుడూ స్థిరంగా ఉండదు, కాస్త వణుకుతుంది. కదలని గీత కనిపిస్తే తీగలు చూడండి. ఇప్పుడు పది నిమిషాలు కొలత రాకపోతే 1,500 అనుకుని ఫ్యాను తిరుగుతుంది. ఆపకుండా తిరిగే చప్పుడే నాకు కబురు.

తానే సరిదిద్దుకునే ఏర్పాటును ఎందుకు ఆపేశానో చెప్పాలి. వారంలో ఒక్కసారైనా బయటి గాలి తగులుతుందన్న నమ్మకంతో సెన్సార్ అప్పటి కనిష్ఠాన్ని 400గా తీసుకుంటుంది. ఇది సెన్సిరియన్ వారి పత్రంలో స్పష్టంగానే ఉంది, చదవంది నేనే. వేసవిలో పగలు కూడా మూసి ఉండే మా గది వారాల తరబడి 550 కిందికి దిగలేదు. సెన్సార్ ఆ 550నే 400 అనుకోసాగింది, ఫ్యాను నిజంగా 1,250 దగ్గరపడితే గానీ వేసేది కాదు. మూసిన గది గ్రాఫులో రోజూ అడుగు సరిగ్గా 400 దగ్గర ఆగుతుంటే ఇదే జరుగుతోందని తెలుసుకోవచ్చు. ఇప్పుడు ఆరు నెలలకోసారి బాల్కనీలో నీడ పట్టున పెట్టి, మనుషులం దూరంగా ఉండి, పావుగంట తర్వాత 430కి బలవంతంగా సరిచేస్తాను. ఎత్తు సంగతి కూడా మరవకూడదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అది చెప్పకపోతే అంకె ఆరు శాతం దాకా తక్కువ చూపుతుంది.

ఇష్టం లేని విషయాలూ ఉన్నాయి. బయటి గాలి దుమ్ముతో ఉందో పొగతో ఉందో ఈ సెన్సార్‌కు తెలియదు, దీపావళి రాత్రి ఫ్యాను స్విచ్చి నేనే కట్టేస్తాను. బాత్రూమ్ నేల జాలీలో నీళ్లు ఎండితే ఫ్యాను మురుగు వాసనను గదిలోకి లాగుతుంది, వారానికో చెంబు నీళ్లు పోస్తున్నాం. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దు. ఫ్యాను లాగుడుకు మంట పొగ వెనక్కి వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ సెన్సార్ గుర్తించదు.

మొన్న వేసవి సెలవులకు మా చెల్లెలి పిల్లలిద్దరూ వచ్చి మా గదిలోనే పడుకున్నారు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది. తీగ మళ్లీ ఊడిందనుకుని టార్చి తీసుకుని లేచాను. తెర మీద 934, తర్వాతి నిమిషానికి 929. వణుకుతూనే ఉంది. మరో 16 లీటర్లు కలిపితే అట్టడుగే 930. టార్చి ఆర్పి పడుకున్నాను.