ఎండకు చేతులపై దురద పొక్కులు: నిండు చేతుల బట్టా, సన్‌స్క్రీనా, ఎండ అలవాటా – ఏది మేలు?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. చలితో పాటు స్వెట్టర్లూ పెట్టెలోకి పోతాయి. కొందరి చేతులకు కష్టాలు మొదలయ్యేది అప్పుడే.

కాజీపేట నుంచి హనుమకొండకు రోజూ స్కూటర్‌పై వెళ్లే ఒక ఉపాధ్యాయురాలిని ఊహించుకోండి. మార్చిలో ఒక ఆదివారం పొట్టి చేతుల జాకెట్టుతో పెళ్లికి వెళ్లి, మధ్యాహ్నం చాలాసేపు ఎండలో ఉన్నారు. మర్నాటికి ముంజేతుల వెలుపలి వైపు సన్నని పొక్కులు, నిద్ర పట్టనంత దురద. గడియారం పట్టీ ఉన్నచోట మాత్రం చర్మం మామూలుగానే ఉంది. ముఖం మీదా ఏమీ లేదు.

ఇంట్లో వాళ్లు వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగిస్తారు. తాగితే నష్టం లేదు, కానీ ఇది ఒంట్లో వేడి కాదు. దీన్ని పాలిమార్ఫిక్ లైట్ ఎరప్షన్ అంటారు. అతినీలలోహిత కిరణాలు తగిలి మారిన సొంత చర్మాన్నే శరీర రక్షణ వ్యవస్థ పరాయిదిగా చూస్తుంది. ఎండ తగిలిన కొన్ని గంటలకో, మర్నాడో పొక్కులు లేస్తాయి. ఆపైన ఎండ తగలకపోతే వారం పది రోజుల్లో మచ్చ మిగలకుండా తగ్గుతాయి. ముఖం తప్పించుకోవడానికి కారణం, అది ఏడాది పొడవునా ఎండ చూస్తూ దానికి అలవాటుపడి ఉండటం.

చెమటకాయలైతే బట్ట కింద, వీపు మీద ఎక్కువ. వయ్యారిభామ మొక్క పడనివారికి కనురెప్పలు, మెడ ముడతలు, మోచేతి మడతలు కూడా ఎర్రబడతాయి. ఎండ తగలని మడతలు శుభ్రంగా ఉండి, తగిలిన చోటే పొక్కులు వస్తే ఎండను అనుమానించాలి.

నివారణకు మూడు దారుల్లో నా మొదటి ఓటు నిండు చేతుల బట్టకే. అందులోనూ తేడాలున్నాయి. పలుచని తెల్ల నూలు చొక్కాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది; కిరణాలూ అలాగే దూరతాయి. చెమటకు తడిస్తే ఆ కాపలా ఇంకా తగ్గుతుంది. నేత దట్టంగా, రంగు కాస్త ముదురుగా ఉండాలి. స్కూటర్ నడిపేవారు వేసుకునే చేతి తొడుగులను కూడా వెలుతురుకు పట్టి చూసే కొనాలి. బట్టకున్న గొప్ప గుణం, దాన్ని రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు.

సన్‌స్క్రీన్‌ది రెండో స్థానం. అది పనిచేయక కాదు, మనం వాడే తీరు వల్ల. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో మన చర్మాన్ని తాకేవి యూవీ-ఏ, యూవీ-బీ అని రెండు రకాలు. చాలామందిలో ఈ పొక్కులను రేపేది ముఖ్యంగా యూవీ-ఏ. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే యూవీ-బీ సంగతి చెబుతుంది. ఆ అంకె ఒక్కటే చూసి కొన్నవారు చర్మం కమలడం లేదన్న ధైర్యంతో ఎండలో ఎక్కువసేపు నిలబడి పొక్కులు తెచ్చుకుంటారు. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50తో పాటు, యూవీ-ఏను ఎంత ఆపుతుందో చెప్పే పీఏ గుర్తు పక్కన కనీసం మూడు ప్లస్‌లు ఉన్నది తీసుకోవాలి. పరిమాణం ఇంకో చిక్కు: ఒక్కో ముంజేతికి, చేతి వెనుక భాగంతో కలిపి, దాదాపు అర టీస్పూను కావాలి. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీది అంకె దక్కదు. బస్సు కిటికీ అద్దం మూసుకున్నా యూవీ-ఏ చాలావరకు లోపలికి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూడోది ఎండకు మెల్లమెల్లగా అలవాటు పడటం. ఏడాదంతా పూర్తిగా కప్పుకుని తిరిగేవారి చేతులు ఎప్పటికీ అలవాటుపడవు, అందుకే ఒక్క రోజు తెరిచినా పొక్కులు వస్తాయి. చాలామందికి వేసవి ముదిరేకొద్దీ ఇవి తగ్గిపోవడం ఈ అలవాటు వల్లనే. పొక్కులు తేలికగా వచ్చేవారు ఫిబ్రవరి నుంచి ఉదయపు లేత ఎండలో కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి, ఏమీ రాకపోతే కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. దురద మొదలైతే ఆపాలి. మధ్యాహ్నపు ఎండలో ఈ ప్రయోగం వద్దు.

మన ఉపాధ్యాయురాలికైతే నేను చెప్పేది ఇది: ప్రయాణంలో దట్టమైన తొడుగులు, చేతుల వెనుక సన్‌స్క్రీన్, ఉదయం పూట కొద్దిపాటి ఎండ. పొక్కులు వచ్చేస్తే, చర్మవైద్యులు రాసిన స్టెరాయిడ్ పూత కొద్ది రోజులు సరిపోతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది. ముఖం మీద ఎరుపు, కీళ్ల నొప్పులు, నోటిపూత తోడైతే, రక్షణ వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే లూపస్ అనే జబ్బుకు పరీక్షలు చేయించాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే రక్తపోటు మందు చర్మం ఎండకు త్వరగా దెబ్బతినేలా చేయగలవు; వాటిని వాడుతుంటే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి.

ఇవేవీ పనిచేయక ఏటా మంచాన పడేంత బాధ ఉన్నవారికి నాలుగో దారి ఉంది. వేసవి ముందు వారానికి రెండు మూడు సార్లు చొప్పున సుమారు ఐదు వారాలు నారోబ్యాండ్ యూవీ-బీ దీపం కింద చర్మాన్ని అలవాటు చేస్తారు. లూపస్ ఉన్నవారికి ఇది పనికిరాదు కాబట్టి ముందే తేల్చుకుంటారు. దీని ఫలం శాశ్వతం కాదు. తర్వాత కాస్త కాస్త ఎండ తగులుతూ ఉండాలి, మరుసటి ఏడాది మళ్లీ మొదటినుంచీ చేయించుకోవాలి.