మాస్టర్ కీ ఎక్కడ ఉంటే మేలు: క్లౌడ్ కేఎంఎస్‌లోనా, సొంత హెచ్‌ఎస్‌ఎంలోనా?

కేఎంఎస్ అంటే ఎన్‌క్రిప్షన్ కీలను క్లౌడ్ కంపెనీ మన తరఫున దాచి నడిపే సేవ. హెచ్‌ఎస్‌ఎం అంటే కీలను తన లోపలే ఉంచుకుని పనిచేసే ప్రత్యేక పరికరం. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చంతా దొంగతనం చుట్టూ తిరుగుతుంది. కీని ఎవరు ఎత్తుకెళ్లగలరు, ఏ పెట్టె గట్టిది అని. నేను మాత్రం ముందు అడిగేది వేరు: ఈ కీ పోతే ఏమవుతుంది, పోయిందని మనకు ఎప్పుడు తెలుస్తుంది? రెండు దారుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 60,000 బ్యాకప్ ఫైళ్లు, మొత్తం 4 టీబీ. ప్రతి ఫైలుకూ సొంతంగా 32 బైట్ల డేటా కీ ఉంటుంది. ఆ చిన్న కీని మాస్టర్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, అదే ఫైలు హెడర్‌లో పెడతారు. మాస్టర్ కీ కేఎంఎస్ లేదా హెచ్‌ఎస్‌ఎం దాటి బయటికి రాదు. 4 టీబీ డేటా దాని దగ్గరికి వెళ్లదు, వెళ్లేది ఆ 32 బైట్లే. ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్ అయితే నేరుగా ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఒక్కసారికి 4,096 బైట్లకు మించి తీసుకోనే తీసుకోదు.

కీ మార్పిడిలో కేఎంఎస్‌ది సుఖమైన దారి. ఏడబ్ల్యూఎస్‌లో ఆటోమేటిక్ రొటేషన్ పెడితే మామూలుగా ఏడాదికోసారి కొత్త కీ పదార్థం పుడుతుంది, పాతది లోపలే ఉండిపోతుంది. దేన్ని దేనితో తెరవాలో అదే చూసుకుంటుంది కాబట్టి పాత హెడర్లు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. అయితే రొటేషన్ జరిగినంత మాత్రాన పాత ఫైళ్లు కొత్త కీ కిందకు రావు. ఒక డేటా కీ ఇప్పటికే బయటికి పొక్కి ఉంటే, మాస్టర్ కీని ఎన్నిసార్లు మార్చినా ఆ ఫైలుకు ఒరిగేదేమీ లేదు. ఆ ఫైలునే కొత్త డేటా కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలి.

సొంత హెచ్‌ఎస్‌ఎంలో ఈ పనంతా మనదే. కొత్త మాస్టర్ కీ పుట్టించి, 60,000 హెడర్లను పాత కీతో విప్పి కొత్తదానితో చుట్టాలి. డేటా జోలికి వెళ్లం కాబట్టి ఇది పెద్ద పని కాదు. ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. అన్నీ మారాయి కదా అని ఎవరో పాత కీని చెరిపేస్తారు. కానీ మూడు నెలల క్రితం టేపు మీదికెక్కి వేరే చోట భద్రంగా ఉన్న కాపీలో హెడర్ ఇంకా పాతదే. టేపు బాగుంది, ఫైలు బాగుంది, తెరిచే కీ మాత్రం లేదు. హెచ్‌ఎస్‌ఎంలో `C_DestroyObject` పిలిస్తే ఆ క్షణమే కీ పోతుంది, గడువు ఇచ్చి ఆగడం ఉండదు.

ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్‌లో ఆ గడువు ఉంది: 7 నుంచి 30 రోజులు. ఈలోపు కీ వాడబోతే `KMSInvalidStateException` వస్తుంది, అది చూసి తొలగింపును రద్దు చేసుకోవచ్చు. గడువు దాటితే ఇక ఎవరూ వెనక్కి తేలేరు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఏడాదికోసారి తెరిచే బ్యాకప్ ఆ 30 రోజుల్లో కీని అడగనే అడగదు. ఎర్రర్ రాలేదంటే కీ అవసరం లేదని కాదు. అందుకే నేను నేరుగా తొలగించను, ముందు డిసేబుల్ చేస్తాను. డిసేబుల్‌కు గడువంటూ లేదు, రెండేళ్ల తర్వాతైనా మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

హెచ్‌ఎస్‌ఎంలో కీ పోయే తీరు ఇంకా భయపెడుతుంది, ఎందుకంటే చప్పుడు లేకుండా పోతుంది. చాలా చోట్ల కీ బ్యాకప్‌ను తిరిగి ఎక్కించడానికి ఐదు స్మార్ట్ కార్డుల్లో ఏవైనా మూడు కావాలని పెడతారు. ఒకాయన ఉద్యోగం మారుతూ కార్డు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరికి పిన్ గుర్తు లేదు. మూడో కార్డు పాడైంది. మిగిలినవి రెండే. అయినా రోజువారీ పనికి కార్డులు అక్కర్లేదు కాబట్టి డేటా చక్కగా తెరుచుకుంటూనే ఉంటుంది. నిజం తెలిసేది పరికరం చెడిపోయిన రోజున, లేదా పెట్టెను కదిపినందుకు ట్యాంపర్ రక్షణ పనిచేసి లోపలి కీలు తుడిచిపెట్టుకుపోయిన రోజున. తయారీదారుకు ఫోన్ చేసినా లాభం ఉండదు, వాళ్లు కూడా తెరవలేకుండానే కదా దాన్ని తయారు చేసింది.

కాబట్టి చాలామందికి కేఎంఎస్సే మేలని నా నిర్ణయం. దాని వెనకా హెచ్‌ఎస్‌ఎంలే ఉంటాయి, వాటి బ్యాకప్ బాధ్యత మన మీద పడదు. అప్లికేషన్ సర్వర్‌లో దొంగ పడితే రెండూ ఒకటే: సర్వర్‌కున్న అనుమతితోనే అతనూ డిక్రిప్ట్ చేయించుకుంటాడు.

కీ క్లౌడ్ కంపెనీ చేతిలో ఉండకూడదన్న కచ్చితమైన షరతు ఉంటేనే సొంత హెచ్‌ఎస్‌ఎంకు వెళ్లండి. అప్పుడు రెండో పరికరాన్ని కూడా కొనండి. ఆరు నెలలకోసారి దాన్ని ఖాళీ చేసి, కార్డులున్న వాళ్లను పిలిచి, బ్యాకప్ నుంచి కీలు ఎక్కించి, మీ దగ్గరున్న అన్నిటికంటే పాత టేపులోని ఒక ఫైలును తెరిచి చూడండి.