చిగుళ్ల రక్తం ఆపే ఎర్రపొడి, గానుగ నూనె జోడీ కొనేముందు ఇది చదవండి

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధుల్లో ఈమధ్య ఒక జోడీ అమ్ముతున్నారు. అర లీటరు గానుగ నువ్వుల నూనె, దానితోపాటు ప్లాస్టిక్ డబ్బాలో ఎర్రటి పళ్లపొడి. రెండూ కలిపి 650 రూపాయలు. పొద్దున్నే నూనె పుక్కిలించి, ఆ తర్వాత పొడితో తోముకుంటే చిగుళ్ల రక్తం వారంలో ఆగుతుందని, కదిలే పళ్లు గట్టిపడతాయని, ఇక పేస్టు అక్కర్లేదని చెబుతారు. రక్తం ఆగుతుందన్న మాట నిజమే. అసలు ప్రమాదం ఆ నిజంతోనే మొదలవుతుంది.

చిత్తూరులో కిరాణా కొట్టు నడిపే మా బావ ఈ జోడీ కొన్నాడు. వయసు యాభైకి దగ్గర, షుగరు ఉంది. తోముకుని ఉమ్మినప్పుడల్లా నురగ ఎర్రగా వస్తోందని దిగులుపడుతున్న సమయం అది. అమ్మే మనిషి మా ఎదుటే చెంచాడు నూనె నోట్లో పోసుకుని, బాగా పుక్కిలించి, గాజు గ్లాసులోకి ఉమ్మాడు. పసుపుపచ్చగా లోపలికి వెళ్లిన నూనె పాలలా తెల్లగా బయటికి వచ్చింది. “చూశారా సార్, ఒంట్లో విషమంతా ఇదే” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. నిజానికి అందులో విషమూ లేదు, వింతా లేదు. నూనె లాలాజలంతో కలిసి చిలికినప్పుడు సన్నటి బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువుల మీద పడిన వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నూనెలో కోడిగుడ్డు సొన వేసి గిలక్కొట్టినా అదే రంగు వస్తుంది.

ఇక పొడి సంగతి. డబ్బా మీద ‘సంపూర్ణ మూలికా’ అన్న మాట తప్ప దినుసుల జాబితా లేదు, తయారీదారు చిరునామా లేదు. నోట్లో వేసుకోగానే వగరుగా ఉండి చిగుళ్లు బిగదీసినట్టవుతాయి. అది పటిక పని. తర్వాత లవంగం ఘాటు, కాస్త తిమ్మిరి. క్షౌరశాలలో గడ్డం గీసేటప్పుడు తెగితే పటిక రాస్తారు కదా, రక్తం ఠక్కున ఆగిపోతుంది. చిగుళ్ల మీద జరిగేదీ అదే. పై కణజాలం ముడుచుకుంటుంది, రక్తం కనిపించదు. లవంగంలోని యూజినాల్ నొప్పి తెలియనివ్వదు. కింద ఉన్న జబ్బు మాత్రం కదలదు.

చిగుళ్ల నుంచి రక్తం రావడానికి మామూలు కారణం పంటి మొదట్లో పేరుకున్న పాచి. దాన్ని తీయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి కొన్ని రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. గార పట్టాక నూనె దాన్ని కరిగించలేదు, పొడి గీకలేదు, పేస్టు కూడా ఏమీ చేయలేదు. పళ్ల డాక్టరు పరికరంతో తీయాల్సిందే. వాపు చిగురు వరకే ఉన్నప్పుడు శుభ్రం చేస్తే పూర్తిగా నయమవుతుంది. ఎముక దాకా వెళ్లిందా, కరిగిన ఎముక మామూలు శుభ్రంతో తిరిగి రాదు. అందుకే రక్తం కనిపించడం ఎంతో విలువైన సూచన. ఈ పొడి ఆ సూచననే చెరిపేస్తుంది.

బావకు వారం తిరగకుండానే రక్తం ఆగింది. కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ పొడి గొప్పదనం చెప్పాడు. కొన్ని నెలలకు నోటి వాసన మొదలైంది, కింది ముందు పన్ను నాలుకతో తోస్తే కదలడం మొదలైంది. పళ్ల డాక్టరు మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీని చిగురుకూ పంటికీ మధ్య దించి కొలిచారు. ఆరోగ్యంగా ఉన్న చోట అది మూడు మిల్లీమీటర్ల లోపే ఆగుతుంది. బావకు కింది ముందు పళ్ల దగ్గర ఆరు దాకా దిగింది. ఎక్స్‌రేలో ఎముక కిందికి జారినట్టు కనిపించింది. ఆ పళ్ల లోపలివైపు గార గోడ కట్టినట్టు ఉంది. కోరపళ్ల మెడ దగ్గర గోరు తగిలేంత గాడి కూడా పడింది, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. ఆ గాడి పొడి గరుకుతనంతో గట్టిగా తోమినందువల్ల పడిందని డాక్టరు చెప్పారు.

ఇంటికి వచ్చాక ఆ పొడిని చెంచాడు తీసుకుని గ్లాసు నీళ్లలో కలిపి చూశాం. తేలికపాటి ఆకుపొడి పైన తేలింది. అడుగున ఎర్రమట్టి లాంటిది పేరుకుంది. స్టీలు చెంచాతో దాన్ని గ్లాసు అడుగున రుద్దితే గరగరమంది. మీ ఇంట్లో విడిగా కొన్న పొడి ఉంటే ఇలా చూడండి. గరగరమంటే దాన్ని పళ్ల మీద రుద్దకండి.

బావకు మత్తిచ్చి, వేర్ల దాకా లోతుగా శుభ్రం చేశారు. వాపు తగ్గాక చిగురు కిందికి దిగి పళ్ల మధ్య సందులు కనిపించాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన దగ్గర ఉన్న భయం ఇక్కడే పుట్టింది. ఆ సందులు అంతకుముందే ఉన్నాయి, వాటిని గార, వాచిన చిగురు నింపి ఉంచాయి, అంతే. షుగరు కూడా చూపించుకోమన్నారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరును అదుపు చేయడం కష్టమవుతుంది.

నూనె పుక్కిలించడం మీద నాకు కోపం లేదు. ఆయుర్వేదంలో గండూషం, కవలం అనే పేర్లతో ఎప్పటినుంచో ఉన్నదే. పాచి, చిగుళ్ల వాపు కొంత తగ్గినట్టు చూపిన పరిశోధనలూ ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం కొద్దిమందితో, కొద్ది వారాలు చేసినవే. నూనె వల్ల తగ్గిందా, శ్రద్ధగా పుక్కిలించడం వల్ల తగ్గిందా అన్నది వాటితో తేలదు. ఎముక కరిగిన జబ్బు దానితో నయమవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పుక్కిలించిన నూనె లోతైన చిగుళ్ల సందుల అడుగుకు చేరదు కూడా. ఇష్టమైతే చేసుకోండి, బ్రష్ చేయడం మాత్రం మానకండి. చిన్నపిల్లలతో, మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లతో చేయించవద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

పేస్టు వైపూ గొప్పలు తక్కువేమీ లేవు. మామూలు ఫ్లోరైడ్ పేస్టు చేసే అసలు మేలు పళ్లు పుచ్చకుండా కాపాడటం. చిగుళ్లకు మేలు చేసేది ముఖ్యంగా బ్రష్ కుచ్చులు పాచిని ఊడ్చడం, పళ్ల సందుల్లో దారంతోనో సన్నటి సందు బ్రష్‌తోనో శుభ్రం చేయడం. బోరునీటి ఫ్లోరైడ్‌తో పళ్ల మీద మచ్చలు పడిన ఊళ్లు రాయలసీమలో ఉన్నాయి కాబట్టి, పేస్టు అంటే విషమేనని ఆ అమ్మేవాళ్లు సులువుగా భయపెడుతున్నారు. ఏళ్ల తరబడి తాగిన నీళ్లు వేరు, ఉమ్మేసే పేస్టు వేరు. చిన్నపిల్లలు మింగేస్తారు కాబట్టి వాళ్లకు బియ్యపుగింజంత చాలు.

మరో అనుమానం కూడా మనసులో పెట్టుకోండి. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా విడిగా అమ్మే పొడి వాడాక తల తిరుగుతున్నా, రోజుకు మూడు నాలుగు సార్లు తోముకోకపోతే తలనొప్పి వస్తున్నా వెంటనే ఆపేయండి. నికోటిన్ రక్తనాళాలను ముడిచి, చిగుళ్ల రక్తాన్ని పటికలాగే కప్పిపెడుతుంది.

ఆయుర్వేద పొడే కావాలంటే లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, దినుసులు, తయారీదారు చిరునామా అచ్చువేసిన డబ్బానే కొనండి, బిల్లు అడగండి. బావ వెనక్కి వెళ్లి అడిగితే ఆ మనిషి “మీరు పథ్యం చేయలేదు సార్” అన్నాడు. బిల్లు లేదు కాబట్టి మాట ముందుకు సాగలేదు. మీ దగ్గర బిల్లో, ఫోన్‌లో డబ్బు పంపిన రుజువో, డబ్బా ఫొటోనో ఉంటే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. పొడి వాడి రక్తం ఆగిన వాళ్లు ఉంటే, పన్ను కదలకముందే ఒకసారి చిగుళ్ల లోతు కొలిపించుకోండి.