విదేశీ ఆసుపత్రికి మెసేజ్: 'ఏం కావాలో చెప్పండి' అని అడగడమా, 'నేను ఇక్కడిదాకా వచ్చినా' అని చెప్పడమా, ఏది మేలు?

మా పిన్ని కూతురిది కడప, నాలుగేళ్ల నుంచి కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తా ఉంది. దుబాయ్ పోవాలా, యూకే పోవాలా అని ఏడాది నుంచి ఒకటే ఆలోచన. నేను ఆరేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చినా కాబట్టి మొన్న ఇంటికొచ్చి ఫోన్ చేతికిచ్చి, అక్కా ముప్పై ఆసుపత్రులకి మెయిల్ పెట్టినా ఒక్కళ్లూ పలకలేదు, ఒక్కసారి చూడు అనింది. చూసినా. తప్పు ఆ పిల్ల చదువులో లేదు, అనుభవంలో లేదు, మెయిల్ రాసిన తీరులోనే ఉంది. కూర్చుని ఇంకోటి రాయించినా. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్తా, మన సైడ్ నుంచి పోవాలనుకునే పిల్లలు చానా మంది మొదటి రకమే రాస్తారు కాబట్టి.

మొదటి మెయిల్ ఇంగ్లీషులో ఒక పేజీ నిండా ఉంది, తెలుగులో చెప్పాలంటే ఇట్ల ఉంటుంది: "గౌరవనీయులైన సర్/మేడమ్, నేను చిన్నప్పటి నుంచి సేవాభావంతో నర్సింగ్ వృత్తిని ఎంచుకున్నాను, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఏ వార్డులోనైనా ఏ ఉద్యోగమైనా ఇస్తే నిబద్ధతతో పనిచేస్తాను, దయచేసి ఖాళీలు, లైసెన్స్ కి ఏమేం కావాలో, జీతం, వీసా, వసతి వివరాలన్నీ తెలియజేయండి." దానికి పద్నాలుగు ఫైళ్లు తగిలించింది, పాస్‌పోర్ట్ కాపీ, టెన్త్ మార్కుల లిస్ట్ కూడా. ముప్పై అడ్రసులూ ఒకే లైన్లో, ఎవరికెవరికి పోయిందో అందరికీ కనపడేటట్టు.

ఇప్పుడు ఆ పక్క హెచ్ఆర్‌లో కూర్చున్న మనిషి వైపు నుంచి చూడండి. లైసెన్స్ కి ఏం కావాలో చెప్పండి అంటే ఆయనకి తెలిసేదేంది? ఈ అమ్మాయి ఆ దేశం రూల్స్ వెబ్‌సైట్‌లో కూడా చూసుకోలేదు, ఈమె రావడానికి ఏడాది పడుతుంది అని. ఏ వార్డైనా సరే అంటే ఏ వార్డు పనీ గట్టిగా రాదేమో అనుకుంటాడు. ఆయన దగ్గర ఉండేది ఫలానా యూనిట్లో ఫలానా తేదీ లోపల భర్తీ చేయాల్సిన పోస్టు, దానికి ఈ మెయిల్ సరిపోతుందా లేదా అన్నది పది సెకన్లలో తేలాలి, తేలకపోతే పక్కన పెట్టేస్తాడు. పైగా పాస్‌పోర్ట్ కాపీ తెలియని ముప్పై చోట్లకి పంపడం మంచిది కాదు, ఆ మాట పిల్లకి గట్టిగానే చెప్పినా.

రెండో మెయిల్ రాసే ముందు ఒక పని చేయించినా. దుబాయ్ హెల్త్ అథారిటీ, అదే డీహెచ్ఏ, దానికి సంబంధించిన డేటాఫ్లో అప్లికేషన్ ముందు పెట్టించినా. డేటాఫ్లో అంటే తెలియని వాళ్ల కోసం: మన డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పని చేసిన సర్టిఫికెట్ నిజమైనవేనా అని వాళ్లు నేరుగా యూనివర్సిటీని, నర్సింగ్ కౌన్సిల్‌ని, మన ఆసుపత్రి హెచ్ఆర్‌ని అడిగి రిపోర్టు ఇస్తారు. ఆ తర్వాత ప్రోమెట్రిక్, అంటే లైసెన్స్ కోసం కంప్యూటర్ మీద రాసే పరీక్ష, మనకి హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. రెండూ అయితే ఎలిజిబిలిటీ లెటర్ వస్తుంది, అది ఏడాది పనిచేస్తుంది. ఆ లెటర్ లైసెన్స్ కాదు, ఇది చానా మందికి తెలియదు. ఉద్యోగం ఇచ్చిన ఆసుపత్రి మన పేరు మీద యాక్టివేట్ చేస్తేనే లైసెన్స్. అంటే సగం మన చేతిలో, సగం వాళ్ల చేతిలో. కాబట్టి మెయిల్‌లో చెప్పాల్సింది మన సగం యాడి దాకా వచ్చిందో.

రెండో మెయిల్ మొత్తం ఇంతే, ఇంగ్లీషులో 120 పదాల లోపే:

"సబ్జెక్ట్: ఐసీయూ స్టాఫ్ నర్సు, 4 ఏళ్ల అనుభవం, డీహెచ్ఏ డేటాఫ్లో నడుస్తోంది.
నేను బీఎస్సీ నర్సింగ్ చేసి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన నర్సుని. నాలుగేళ్లుగా కర్నూల్లో 12 పడకల మెడికల్ ఐసీయూలో పనిచేస్తున్నాను, షిఫ్టుకి ఇద్దరు వెంటిలేటర్ పేషెంట్లను చూస్తాను. డేటాఫ్లో అప్లై చేశాను, రిపోర్టు రావాలి, ప్రోమెట్రిక్ ఇంకా రాయలేదు. రెండు ప్రశ్నలు. రాబోయే ఆరు నెలల్లో మీ ఐసీయూలో ఖాళీలు ఉంటాయా? ఎలిజిబిలిటీ లెటర్ వచ్చాకే ఇంటర్వ్యూకి పిలుస్తారా, పరీక్ష పాసైతే చాలా? సీవీ ఒక్కటే జతచేశాను."

ఏది మేలో చెప్పక్కర్లేదు గానీ ఎందుకు మేలో చెప్తా. లైసెన్స్ గురించి రెండూ అడుగుతున్నాయి, కానీ మొదటిది డీహెచ్ఏ రూల్ అడుగుతుంది, రెండోది ఆ ఆసుపత్రి పద్ధతి అడుగుతుంది. రూల్ అందరికీ ఒకటే, వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏ దశలో ఉన్న మనిషిని పిలుస్తారు అన్నది మాత్రం ఒక్కో ఆసుపత్రిది ఒక్కో తీరు, కొన్ని లెటర్ లేకపోతే సీవీ తెరవవు, కొన్ని అర్జెంట్ ఉంటే పరీక్ష రిజల్ట్ చూసే పిలుస్తాయి, ఇది అడిగితేనే తెలిసే విషయం. జీతం, వసతి మొదటి మెయిల్‌లో అడగొద్దు, ఇంటర్వ్యూ అయినాక ఆఫర్ లెటర్‌లో ఎట్లాగూ వస్తాయి. ఇంకో మాట, ప్రోమెట్రిక్ రాయలేదు అని రాయడానికి పిల్ల భయపడింది, "రాయబోతున్నా" అని పెడదామక్కా అనింది. వద్దన్నా. లేని దశ ఉన్నట్టు రాస్తే ఇంటర్వ్యూలో అప్లికేషన్ నంబర్ అడిగినప్పుడు అక్కడే తేలిపోతుంది.

ఈసారి ముప్పై కాదు, ఐసీయూ ఉన్న నాలుగు ఆసుపత్రులకి విడివిడిగా పంపింది. ఒకళ్ల నుంచి తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది: ఐసీయూలో ఇప్పుడు ఖాళీ లేదు, డయాలసిస్‌లో ఉండొచ్చు, లెటర్ వచ్చాకే ఇంటర్వ్యూ, మా కెరీర్స్ పేజీలో అప్లై చేయండి అని. ఉద్యోగం రాలేదు కదా అంటారేమో, కానీ పరీక్ష మూడు నెలల తర్వాత రాద్దామనుకున్న పిల్ల ఆ జవాబు చూసి ముందుకు జరుపుకుంది. చిన్న మెయిల్‌కి దక్కాల్సింది అట్లాంటి ఖచ్చితమైన జవాబే.

డేటాఫ్లో గురించి ఒకటి ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను పోయేటప్పుడు దీంట్లోనే రెండు నెలలు పోగొట్టుకున్నా. అనంతపురంలో నేను మొదట చేసిన ఆసుపత్రికి వెరిఫికేషన్ మెయిల్ పోయింది, మేనేజ్‌మెంట్ మారింది, ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు, నేనేమో ఇక్కడ రోజూ స్టేటస్ చూసుకుంటా కూర్చున్నా. అట్లే వదిలేస్తే "అన్ఏబుల్ టు వెరిఫై", అంటే సరిచూడలేకపోయాం అని వస్తుంది, అది నెగటివ్ కాదు గానీ దాంతో పని ముందుకి పోదు. చివరికి నేనే పోయి హెచ్ఆర్ దగ్గర కూర్చుని స్పామ్‌లో వెతికించి జవాబు పెట్టించినా. కాబట్టి అప్లై చేసే ముందే మీ ఆసుపత్రిలో ఏ మెయిల్ ఐడీ నిజంగా చూస్తారో కనుక్కోండి, సర్టిఫికెట్‌లో ఉన్న చేరిన తేదీ, హోదా వాళ్ల రిజిస్టర్‌లో కూడా అట్లే ఉందో చూసుకోండి. మనోళ్లకి ఇంకో తిప్పలు ఇంటిపేరు. డిగ్రీ మీద ఇనీషియల్ ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్ మీద ఇంటిపేరు పూర్తిగా, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో పెళ్లయినాక మారిన పేరు, ఇట్ల మూడు రకాలుంటే ముగ్గురు మనుషులేమో అని అనుమానం వస్తుంది. మా పిల్లకి రెండు రకాలున్నాయి, ముందే అఫిడవిట్ చేయించి పెట్టినాం.

మరి ఇదే మెయిల్ యూకేకి పెట్టొచ్చా అంటే పెట్టొద్దు అన్నా, ఇప్పుడైతే. అక్కడి దారి వేరే. ఎన్ఎంసీ, అంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్, దాంట్లో రిజిస్ట్రేషన్‌కి ముందు ఇంగ్లీషు పరీక్ష కావాలి, వైద్య సిబ్బంది కోసం పెట్టే ఓఈటీ అయితే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో బీ, రైటింగ్‌లో సీ ప్లస్. ఐఈఎల్‌టీఎస్ అయితే మొత్తం 7, రైటింగ్ ఒక్కదాంట్లో 6.5 ఉన్నా చాలు. తర్వాత సీబీటీ, నర్సింగ్ సబ్జెక్టు మీద పెట్టే పరీక్ష, అది ఇండియాలోనే కంప్యూటర్ మీద రాయొచ్చు, ఫీజు 83 పౌండ్లు. ఆఖరిది ఆస్కీ, పది స్టేషన్లలో పేషెంట్ ముందు చేసినట్టు చేసి చూపించే పరీక్ష, అది యూకేలోనే, 794 పౌండ్లు. మామూలుగా ఆసుపత్రి స్పాన్సర్ చేసి పిలిపించుకుంటుంది, చేరిన 12 వారాల లోపల మొదటిసారి ఆస్కీకి కూర్చోవాలి. అంటే అక్కడ ఆసుపత్రి పెద్ద పరీక్ష కాకముందే మనల్ని నమ్మి డబ్బు పెడుతుంది, అందుకే ఇంగ్లీషు రిజల్ట్, సీబీటీ రెండూ చేతిలో లేని మనిషి మెయిల్ వాళ్లకి పనికిరాదు. దానికి తోడు 2024 నుంచి ఎన్‌హెచ్‌ఎస్, అంటే యూకే ప్రభుత్వ ఆరోగ్య సేవ, విదేశాల నుంచి తీసుకోవడం బాగా తగ్గించింది. డీహెచ్ఏ అయితే నర్సుల్ని ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అడగదు. మా పిల్ల ఓఈటీ ఇంకా రాయలేదు కాబట్టి ఆమెకి ఇప్పుడు దుబాయ్ మెయిలే మేలు. ఓఈటీ చేతిలో ఉన్న వాళ్లకైతే నేను ఈ మాట చెప్పను.

యూకేకి రాసే రోజు వస్తే ప్రశ్నలు కూడా మారాలి. ఖాళీలున్నాయా అని కాదు, ఈ ఏడాది విదేశీ నర్సులకి స్పాన్సర్‌షిప్ ఇస్తున్నారా అని మొదటిది. ఆస్కీ ట్రైనింగ్ మీరే ఇస్తారా, పరీక్ష ఫీజు ఎవరు కడతారు అని రెండోది. ఇది జీతం బేరం కాదు, ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్ని నడిపే ట్రస్టుల్లో ఒక్కోదానిది ఒక్కో తీరు కాబట్టి అడగడంలో తప్పు లేదు.

ఇంక ఏజెంట్ల సంగతి. ఆ ముప్పై మెయిళ్ల తర్వాత ఆసుపత్రి ఏదీ పలకలేదు గానీ ఒక వాట్సాప్ నంబర్ నుంచి ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగం, రెండు లక్షలు కట్టు అని వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్‌కి మనుషుల్ని పంపే ఏజెన్సీ నర్సు దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోకూడదు, అది వాళ్ల నియమావళిలోనే ఉంది. గల్ఫ్‌కి పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ కూడా మన దేశం రూల్ ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతకు మించి సర్వీస్ ఛార్జి అడగకూడదు. రిజిస్టర్డ్ అవునా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో లైసెన్స్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. పిల్ల ఆ నంబర్‌కి మీ లైసెన్స్ నంబర్ చెప్పండి అని ఒక్క లైన్ పెట్టింది, మళ్లీ మెసేజ్ రాలేదు.