హ్యాష్‌ట్యాగులా, క్యాప్షన్‌లో కీవర్డులా: ఇన్‌స్టాలో వెతికేవాళ్ళకి దొరకాలంటే ఏది మేలు?

చీరలు, పచ్చళ్ళు, నగలు ఇంటి నుంచి అమ్ముకునేవాళ్ళు ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్నది ఇదే. హ్యాష్‌ట్యాగులు ఎన్ని పెట్టాలి, ఏవి పెట్టాలి అని. నేనైతే ముందు క్యాప్షన్‌లో కీవర్డులు, అంటే వెతికేవాళ్ళు టైప్ చేసే మాటలు, ఉన్నాయో లేదో చూడమంటాను, ఎందుకో చెప్తాను.

ఒకప్పుడు హ్యాష్‌ట్యాగుకి నిజంగానే పని ఉండేది, జనం ట్యాగునే ఫాలో అయ్యేవాళ్ళు కాబట్టి మీరెవరో తెలియని వాళ్ళ ఫీడ్‌లోకి కూడా పోస్టు వెళ్ళేది. 2024 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ ఆ ఫాలో సదుపాయం తీసేసింది. పోస్టుకి 30 దాకా పెట్టుకోనిచ్చే ట్యాగుల్ని 2025 డిసెంబరులో 5కి తగ్గించింది. ఇప్పుడు ట్యాగు చేసే పని పోస్టు దేని గురించో చెప్పడం, అంతే. ఆ పని మామూలు వాక్యం ఇంకా బాగా చేస్తుంది.

మంగళగిరి చీరలు అమ్మే ఒకావిడ పోస్టు తీసుకుందాం. ఫొటో బావుంటుంది, క్యాప్షన్ ఏమో "కొత్త స్టాక్ వచ్చేసింది ఫ్రెండ్స్, ధర కోసం మెసేజ్ చేయండి" అని, కింద #saree #love #fashion. ఇందులో మంగళగిరి లేదు, కాటన్ లేదు, రంగు లేదు, మరి కొనాలనుకునే మనిషి టైప్ చేసేది అవే కదా. #saree లో ఉన్న కోట్ల పోస్టుల మధ్య చిన్న అకౌంట్ పైకి తేలడం దాదాపు జరగని పని, పైగా #saree చూసేవాళ్ళలో చాలామంది కొనడానికి వచ్చినవాళ్ళు కూడా కాదు.

అదే పోస్టుకి మొదటి లైను ఇలా రాస్తే చూడండి:

"బాటిల్ గ్రీన్ మంగళగిరి కాటన్ చీర, నిజాం బోర్డర్. Mangalagiri cotton saree with nizam border, ఆఫీసుకి కట్టుకోవడానికి తేలిగ్గా ఉంటుంది."

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇక్కడే ఉంది. మనవాళ్ళలో చాలామంది తెలుగులో మాట్లాడుకుంటూనే సెర్చ్ బాక్సులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు కొడతారు, కొందరు తెలుగు కీబోర్డే వాడతారు, ఇంకొందరు cheera అని కొడతారు. తెలుగు లిపిలో రాసినదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికినవాళ్ళకి యాప్ ప్రతిసారీ కలిపి చూపిస్తుందని నమ్ముకోకూడదు. అందుకే వస్తువు పేరు రెండు లిపుల్లోనూ ఒక్కోసారి, చదివే వాక్యంలో భాగంగా పెట్టండి. అంతకుమించి saree, sari, cheera, chira అని వరసగా కుక్కితే చదివే మనిషి అక్కడే వెళ్ళిపోతుంది. ఏ స్పెల్లింగ్ ఎంచుకోవాలో తేలకపోతే సెర్చ్‌లో mangala దాకా కొట్టి ఆగండి, కింద వచ్చే సూచనలు చూస్తే జనం ఎలా వెతుకుతున్నారో కొంత అర్థమవుతుంది.

మొదటి లైనులోనే ఎందుకంటే, పొడుగు క్యాప్షన్‌ని యాప్ ఫీడ్‌లో మొదట్లోనే కత్తిరించి మిగతాది దాచేస్తుంది. వెతుక్కుంటూ వచ్చినావిడకి తనకి కావాల్సింది ఇదేనని అక్కడే తెలియాలి. ఇంకోటి, ట్యాగులూ కీవర్డులూ మొదటి కామెంట్‌లో దాచే అలవాటు చాలామందికి ఉంది. సెర్చ్‌లో దొరకాలంటే అవి క్యాప్షన్‌లోనే ఉండాలని ఇన్‌స్టాగ్రామే 2021లో చెప్పింది.

అలాగని ట్యాగులు పూర్తిగా మానేయమని కాదు. ఆగస్టు 7న చేనేత దినోత్సవం లాంటి రోజున అందరూ ఒకే ట్యాగు కింద చేరతారు, అప్పుడు వాడాల్సిందే. మామూలు రోజుల్లో #mangalagiricotton లాంటివి రెండు మూడు చాలు. తెలుగు ట్యాగు పెడితే మధ్యలో ఖాళీ వదలొద్దు, #మంగళగిరి చీరలు అని రాస్తే మొదటి ముక్కే ట్యాగవుతుంది.

ప్రొఫైల్‌లో నేమ్ దగ్గర ఇంటిపేరో ముద్దుపేరో ఒక్కటే కాకుండా "మంగళగిరి చీరలు" అని కూడా కలపండి, అకౌంట్ల కోసం వెతికేటప్పుడు అదీ లెక్కలోకి వస్తుంది. 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది కాబట్టి ఆలోచించి రాయండి. ఫొటోకి విడిగా రాసే ఆల్ట్ టెక్స్ట్ చూపులేనివాళ్ళ కోసం ఉన్నది, ఫొటోలో ఏముందో అది రాస్తే చాలు. యూట్యూబ్‌లో అయితే టైటిల్‌దే పెద్ద పీట, ట్యాగుల బాక్సు పాత్ర చాలా తక్కువని వాళ్ళే చెప్తారు.

ఒక హద్దు మాత్రం ఉంది. మాటలు కలిసినంత మాత్రాన ఇన్‌స్టాగ్రామ్ మీ పోస్టుని పైన చూపించదు, వెతికేవాళ్ళ అలవాట్లు, ఆ పోస్టుకి వచ్చిన స్పందన కూడా చూస్తుంది. కాబట్టి వట్టి "చీర"కి మీరు పైకి రాకపోవచ్చు, "గ్రీన్ మంగళగిరి కాటన్ చీర"కి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మీ ఫోన్లో వెతికి సంబరపడొద్దు, మీ అకౌంటు మీకే ముందు కనిపించొచ్చు. మిమ్మల్ని ఫాలో కాని మనిషి ఫోన్లో కొట్టి చూడమనండి. దొరక్కపోతే పోస్టు డిలీట్ చెయ్యక్కర్లేదు, పాత పోస్టులకి కూడా క్యాప్షన్ ఎడిట్ చేసుకోవచ్చు, ఇంకా స్టాకులో ఉన్న చీరలతో మొదలుపెట్టండి.